జీఎస్టీ లెక్కలు, 5వ పాఠం: బిల్లులో తేలని ఒక్క పైసా

గత పాఠంలో ఒకే సరుకున్న బిల్లుకు పన్ను లెక్క కట్టాం. ఈసారి మూడు సరుకులు. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

విజయవాడలో ఒక హార్డ్‌వేర్ కొట్టు అదే ఊళ్లోని కాంట్రాక్టరుకు మూడు వస్తువులు అమ్మిందనుకుందాం. పన్ను కలపకముందు ధరలు 37.25, 62.80, 114.70 రూపాయలు. అన్నిటికీ 18 శాతమే, అంటే సీజీఎస్టీ 9, ఎస్జీఎస్టీ 9.

ముందు ఒక్కో వస్తువుకీ సీజీఎస్టీ కడదాం. 3.3525 వస్తే 3.35 రాస్తాం, 5.652 వస్తే 5.65, 10.323 వస్తే 10.32. కూడితే 19.32. ఇప్పుడు ధరలన్నీ ముందే కూడండి: 214.75. దాని మీద 9 శాతం 19.3275, అంటే 19.33. మూడు చోట్లా మనం వదిలేసిన ముక్కలు కలిసి ముప్పావు పైసా అయ్యాయి. విడివిడిగా అవి లెక్కలోకి రాలేదు, కలిపితే ఒక పైసాగా తేలాయి. ఎస్జీఎస్టీలోనూ ఇంతే, కాబట్టి బిల్లు మొత్తంలో తేడా రెండు పైసలు.

కొట్టులో ఇది ఎవరికీ కనపడదు. ఒక దారిలో బిల్లు 253.39, ఇంకో దారిలో 253.41. రౌండాఫ్ చేశాక రెండూ 253 రూపాయలే. కొట్టు మొదటి దారిలో బిల్లు వేసి ఉంటే, కాంట్రాక్టరు అకౌంటెంటు తన పుస్తకాన్ని జీఎస్టీఆర్-2బితో, అంటే అమ్మినవారి రిటర్నుల నుంచి కొన్నవారికి తయారయ్యే క్రెడిట్ పట్టీతో సరిచూసినప్పుడే, పట్టీలో 19.32, పుస్తకంలో 19.33 అని బయటపడుతుంది.

అప్పుడు కొన్నవారు చేయాల్సింది బిల్లు మీద ఉన్న 19.32నే పుస్తకంలో రాయడం. సాఫ్ట్‌వేర్ తనంతట తాను 19.33 వేస్తే చేత్తో దిద్దాలి. పన్నును 19.33గానే ఉంచి ఆ పైసాను రౌండాఫ్ ఖాతాలోకి నెట్టకండి. అమ్మినవారు చూపించని క్రెడిట్ మీ పుస్తకంలో నిలిచిపోతుంది.

అమ్మేవారు ఏదో ఒక పద్ధతికి కట్టుబడితే చాలు. వరుసవారీగా పన్ను అచ్చువేసే బిల్లయితే నా ఓటు మొదటిదానికే, చదివేవాళ్లు కూడి చూసుకుంటే సరిపోతుంది. ఎక్సెల్‌లో చాలామంది పొరబడేది ఇక్కడే: గడిలో రెండు దశాంశాలే కనపడేలా పెడతారు, లోపల 3.3525 అలాగే ఉంటుంది. పైన 3.35, 5.65, 10.32, కింద మాత్రం 19.33! ధరలు A2 నుంచి A4 వరకూ ఉంటే మొత్తం ఇలా రాయండి:

```
=SUMPRODUCT(ROUND(A2:A4*9%,2))
```

ప్రతి తేడానూ రౌండింగ్ మీదికి తోసేయకూడదు. ఒక వరుసలో పోయేది, వచ్చేది అర పైసాకు మించదు, మొత్తం దగ్గర ఇంకో అర పైసా. మూడు వరుసల బిల్లులో ఒక పన్నుకు రెండు పైసలు దాటి తేడా వస్తే డిస్కౌంటో, పన్ను రేటో తప్పు పడిందేమో వెతకండి.

అభ్యాసం: ఇవే వస్తువులు హైదరాబాదుకు అమ్మితే 18 శాతం ఐజీఎస్టీ. రెండు దారుల్లోనూ కట్టి చూడండి. రెండుసార్లూ 38.66 రావాలి.