టీపీఎన్ బ్యాగ్‌లో తెల్లటి మసక: తూకం సరిపోయినా వార్డుకు పంపకూడని బ్యాగ్

టీపీఎన్ అంటే నోటితో తీసుకోలేని రోగికి నేరుగా రక్తనాళంలోకి ఎక్కించే పోషకాహారం. ఆ బ్యాగ్‌కి రావడానికి చాలా సమస్యలు వస్తాయి. వాటిలో ఎక్కువ కంగారు పెట్టేది క్యాల్షియం, ఫాస్ఫేట్ కలిసి గడ్డకట్టి అడుగున చేరడం. అందుకే దాని మీదే ఎక్కువ రాస్తున్నాను.

సమస్య: బ్యాగ్ ఊపితే లోపల పొగలాంటి తెరలు

1.25 కిలోల నెలలు నిండని బిడ్డకు 150 మి.లీ. బ్యాగ్ తయారైంది. లిపిడ్, అంటే పాలలా తెల్లగా ఉండే కొవ్వు ద్రవం, విడిగా సిరంజీలో వెళ్తుంది కాబట్టి బ్యాగ్ నీళ్లలా తేటగా ఉండాలి. బ్యాగ్ కలిపే హుడ్ లోంచి బయటికి తీసినప్పుడు అలాగే కనిపించింది. అరగంట తర్వాత లేబుల్ అంటించేటప్పుడు నల్ల అట్ట ముందు పట్టుకుని మెల్లగా తిప్పితే, అడుగు మూల నుంచి సన్నటి తెల్ల తెర ఒకటి పైకి లేచి మళ్లీ దిగింది.

గాలి బుడగలేమో అనిపిస్తుంది. తేడా తెలుసుకోవడం సులభమే: బ్యాగ్‌ని ఒక నిమిషం కదలకుండా పెట్టండి. బుడగ పైకి పోతుంది, స్ఫటికం కిందికి దిగుతుంది. పోర్టు మెడ దగ్గర, బ్యాగ్ అంచు కుట్టు దగ్గర వేలితో తట్టి చూడండి, స్ఫటికాలు ముందు చేరేది అక్కడే.

కారణం: కొలతలో కాదు, వరుసలో

డాక్టర్ ఇచ్చిన ఆర్డర్‌లో తప్పు లేదు. క్యాల్షియం 1.8 మిల్లీమోల్, అంటే 10 శాతం క్యాల్షియం గ్లూకోనేట్ సుమారు 7.8 మి.లీ. ఫాస్ఫేట్ 1.5 మిల్లీమోల్, మి.లీ.కి 3 మిల్లీమోల్ ఉండే పొటాషియం ఫాస్ఫేట్ అయితే 0.5 మి.లీ. పూర్తి 150 మి.లీ.లో లెక్కేస్తే లీటరుకు క్యాల్షియం 12, ఫాస్ఫేట్ 10 మిల్లీమోల్. మేం వాడే అమైనో యాసిడ్‌లో ఈ రెండూ ఎంతవరకు కరిగి ఉంటాయో చెప్పే పట్టిక ప్రకారం ఇది ఇబ్బంది లేని అంకే.

కలిపిన వ్యక్తిని అడిగితే అసలు సంగతి బయటపడింది. అమైనో యాసిడ్ బాటిల్ అయిపోయింది, కొత్తది తెచ్చేలోపు టైం వృథా ఎందుకని 50 శాతం డెక్స్‌ట్రోజ్ 30 మి.లీ., చిన్న ఎలక్ట్రోలైట్లు 2 మి.లీ., ఫాస్ఫేట్, వెనకే క్యాల్షియం వేసేశారు. అమైనో యాసిడ్, నీళ్లు తర్వాత పడ్డాయి. అంటే క్యాల్షియం పడిన క్షణానికి బ్యాగ్‌లో ఉన్నది 40 మి.లీ. మాత్రమే. ఆ 40 మి.లీ.లో లీటరుకు క్యాల్షియం 45, ఫాస్ఫేట్ 37 మిల్లీమోల్ దాకా వెళ్లాయి. పైగా పీహెచ్‌ని పట్టి ఉంచే అమైనో యాసిడ్ అక్కడ లేదు. పీహెచ్ పెరిగేకొద్దీ ఫాస్ఫేట్ డైబేసిక్ రూపంలోకి మారుతుంది, క్యాల్షియంతో కలిసి కరగని ఉప్పు అయ్యేది ఆ రూపమే. తర్వాత ఎన్ని నీళ్లు పోసినా, ఒకసారి ఏర్పడిన స్ఫటికం తిరిగి కరుగుతుందని నమ్మడానికి లేదు.

1994 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌డీఏ ఇచ్చిన హెచ్చరిక దీని గురించే. అప్పుడు ఇద్దరు రోగులు చనిపోయారు, ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల్లో క్యాల్షియం ఫాస్ఫేట్ దొరికింది. క్యాల్షియం కలిపే సమయానికి బ్యాగ్‌లో ఎంత ద్రవం ఉందో దాని మీదే కరిగే హద్దును లెక్కకట్టాలని ఆ హెచ్చరికలో ఉంది. చివరి పరిమాణం మీద లెక్కేసే అలవాటు మాత్రం ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

పరిష్కారం

ఆ బ్యాగ్ పారేయాల్సిందే. ఫిల్టర్ చేసి పంపుదామా అని ఒక్కోసారి ఎవరో అడుగుతారు. ఫిల్టర్‌లో ఎంత క్యాల్షియం, ఎంత ఫాస్ఫేట్ ఆగిపోయిందో తెలియదు కాబట్టి, అలా పంపితే లేబుల్ మీద ఉన్నది అబద్ధమే అవుతుంది.

కొత్త బ్యాగ్‌లో వరుస ఇలా ఉండాలి: అమైనో యాసిడ్, డెక్స్‌ట్రోజ్, నీళ్లు ముందు పడాలి. తర్వాత ఫాస్ఫేట్ వేసి బాగా తిప్పాలి. మిగతా ఎలక్ట్రోలైట్లు అయ్యాక క్యాల్షియం, మెల్లగా, తిప్పుతూ. ఫాస్ఫేట్‌కి, క్యాల్షియంకి ఒకే సిరంజీ వాడకండి. ఆటోమేటిక్ పంపు ఉంటే ఈ రెండిటి మధ్య ట్యూబును నీళ్లతో గానీ అమైనో యాసిడ్‌తో గానీ కడిగేలా వరుస పెట్టుకోవాలి, లేకపోతే బ్యాగ్ తేటగా ఉండి ట్యూబులో గడ్డకడుతుంది.

వరుస సరిగ్గా ఉండి కూడా మసక వస్తే ఆర్డరే హద్దు దాటి ఉంటుంది. క్లోరైడ్ రూపంలోని క్యాల్షియం వాడారేమో ముందు చూడండి, గ్లూకోనేట్ కంటే అది త్వరగా అయాన్లు వదిలి ఫాస్ఫేట్‌ని పట్టుకుంటుంది. అది కాకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. మనంతట మనం క్యాల్షియం తగ్గించేయడం కుదరదు. సోడియం గ్లిసరోఫాస్ఫేట్‌కి మారితే ఈ గొడవ చాలావరకు పోతుంది, కానీ మి.లీ.కి 1 మిల్లీమోల్ ఫాస్ఫేట్‌తో పాటు 2 మిల్లీమోల్ సోడియం వస్తుంది. ఈ బిడ్డకు 1.5 మి.లీ. వేస్తే 3 మిల్లీమోల్ సోడియం అదనం, అంత మేరకు సోడియం క్లోరైడ్ తగ్గించాలి. పోయిన పొటాషియం 2.2 మిల్లీమోల్‌ని క్లోరైడ్ రూపంలో తిరిగి ఇవ్వాలి. ఈ రెండో సగం మరిచిపోవడమే తరచూ జరుగుతుంది.

సమస్య: తూకం సరిగ్గా ఉంది కదా, అయినా నమ్మొచ్చా?

పై బ్యాగ్ తూకం పాసైంది. ఖాళీ బ్యాగ్ బరువు తీసేస్తే రావాల్సింది సుమారు 157 గ్రాములు. 5 శాతం తేడా ఒప్పుకుంటాం అనుకుంటే దాదాపు 8 గ్రాములు అటూ ఇటూ. ఫాస్ఫేట్ 0.5 మి.లీ. పూర్తిగా మరిచిపోతే తేడా ఒక గ్రాము కూడా రాదు. 0.5 బదులు 5 మి.లీ. పడితే? 6 గ్రాములు పెరుగుతుంది, తూకం అప్పుడూ "ఓకే" అంటుంది! నీళ్లు, డెక్స్‌ట్రోజ్ లాంటి పెద్ద పరిమాణాల్లో తప్పుని తూకం పడుతుంది. చిన్నవాటి మీద దాని మాటకి విలువ లేదు.

చిన్నవాటికి ఒకటే దారి: సిరంజీ నింపాక, బ్యాగ్‌లోకి ఎక్కించక ముందు, రెండో మనిషి చూడాలి. పక్కనే ఆంప్యూల్ లేబుల్ పైకి కనిపించేలా పెట్టాలి. ఎక్కించేశాక ఖాళీ సిరంజీ పిడిని గీత దాకా లాగి చూపించే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. అది ఏం ఎక్కిందో చెప్పదు, ఎక్కించిన వాడి జ్ఞాపకం చెబుతుంది.

సమస్య: లిపిడ్ బ్యాగ్‌లోనే కలిపేస్తే మసక ఎలా కనిపిస్తుంది?

కనిపించదు. పాలలో సుద్దపొడి వెతికినట్టే. అందుకే అన్నీ కలిసిన బ్యాగ్ అయితే లిపిడ్ వేయక ముందే ఆగి, నల్ల, తెల్ల అట్టల ముందు తిప్పి చూడాలి. విటమిన్లు కూడా ఆ తర్వాతే, వాటి పసుపు రంగు సన్న మసకని దాచేస్తుంది. లిపిడ్ పడ్డాక చూడాల్సింది వేరు: పైన మీగడలా తేలి, తిప్పితే కలిసిపోతే వాడొచ్చు. పసుపు నూనె చుక్కలు విడిపోయి, తిప్పినా కలవకపోతే ఆ బ్యాగ్ కూడా చెత్తబుట్టకే.

సమస్య: వార్డు నుంచి ఫోన్, ఫిల్టర్ మూసుకుపోతోందని

ఫిల్టర్ మార్చమనో, తీసేయమనో చెప్పకండి. బ్యాగ్ ఆపి వెనక్కి తెప్పించండి. వెచ్చదనం పెరిగేకొద్దీ క్యాల్షియం ఫాస్ఫేట్ తేలిగ్గా గడ్డకడుతుంది, కాబట్టి మన దగ్గర తేటగా వెళ్లిన బ్యాగ్ ఇంక్యుబేటర్ వెచ్చదనంలో, గంటల తరబడి లైన్‌లో ఉండి మారవచ్చు. 1.2 మైక్రాన్ ఫిల్టర్ పెట్టేది దానికే. తెప్పించిన బ్యాగ్‌ని ఆ రోజు తయారీ షీటుతో, వాడిన ఆంప్యూళ్ల బ్యాచ్ నంబర్లతో కలిపి పక్కన పెట్టి, అదే బ్యాచ్‌తో వెళ్లిన మిగతా బ్యాగ్‌లు ఏ వార్డుల్లో ఉన్నాయో ముందు చూడాలి.