4 పాయింట్ల జీపీఏని శాతంగా మార్చడం: జర్మనీ దరఖాస్తుకు ఎంత జీపీఏ కావాలి?

అమెరికాలో బ్యాచిలర్స్ చదివి, మాస్టర్స్‌కి జర్మనీ వెళ్లాలనుకునే మన పిల్లలకు ఎదురయ్యే మొదటి చిక్కు ఇది. ట్రాన్‌స్క్రిప్ట్ మీద 2.9 అనో 3.2 అనో ఉంటుంది. కొన్ని దరఖాస్తు ఫారాలు శాతం అడుగుతాయి. చాలామంది జీపీఏని 25తో గుణించి ఆ అంకె వేసేస్తారు. గుణించడం తప్పు కాదు, కానీ అక్కడితో ఆగిపోతే లెక్క సగమే అయినట్టు.

శాతానికి తోడుగా పాస్ మార్కు కూడా తెలిస్తేనే ఆ అంకెకు అర్థం ఉంటుంది. అమెరికాలో డిగ్రీ రావడానికి సాధారణంగా కనీసం 2.0 జీపీఏ ఉండాలి. జీపీఏని 25తో గుణించినప్పుడు ఈ 2.0 కూడా 50 శాతం అవుతుంది. అంటే 2.9 జీపీఏని గుణిస్తే వచ్చే 72.5 శాతాన్ని పాస్ మార్కు 50 ఉన్న స్కేలు మీద చూడాలి, మన దగ్గర 40కి పాసయ్యే స్కేలు మీద కాదు. ఈ తేడా ఎంత పెద్దదో జర్మన్ విశ్వవిద్యాలయాలు వాడే ఫార్ములాలో తెలుస్తుంది. దాన్ని సవరించిన బవేరియన్ ఫార్ములా అంటారు:

```
జర్మన్ గ్రేడు = 1 + 3 × (గరిష్ఠం − మీది) / (గరిష్ఠం − పాస్)
```

అక్కడ 1.0 అత్యుత్తమం, 4.0 పాస్ హద్దు. అంకె తగ్గేకొద్దీ మేలు. 2.9 జీపీఏని నేరుగా వేస్తే 1 + 3 × 1.1 / 2, అంటే 2.65. అదే 72.5 శాతంగా, పాస్ 50గా వేసినా 2.65 వస్తుంది. పాస్ 40 అనుకుంటే మాత్రం దాదాపు 2.38 వస్తుంది. మీ చదువు మారలేదు, పాస్ మార్కు మారింది, అంతే. ఇలా వచ్చిన 2.38ని నమ్ముకుని 2.5 కటాఫ్ ఉన్న కోర్సుకి డబ్బు కడితే, అక్కడి అధికారులు 2.65 అని తేల్చి పక్కన పెట్టేస్తారు.

అందుకే ఫారంలో స్కేలు ఎంచుకునే వీలుంటే 4 ఎంచుకుని జీపీఏని ఉన్నదున్నట్టు రాయండి. శాతం గడి ఒక్కటే ఉంటే ముందు ఆ విశ్వవిద్యాలయం తన పద్ధతి ఏదైనా చెప్పిందేమో చూడండి, చెబితే అదే పాటించండి. చెప్పకపోతే 25తో గుణించి, వివరణ రాసే చోట "4.0 స్కేలు, పాస్ 2.0, నిష్పత్తి లెక్క" అని స్పష్టంగా పెట్టండి. లెటర్ గ్రేడుల దారిలో లెక్కేసుకోవద్దు. చాలా అమెరికన్ కాలేజీల్లో బి గ్రేడుకి 80ల్లో మార్కులుంటాయి కాబట్టి 3.0 జీపీఏ ఆ దారిలో 80 దాటుతుంది, నిష్పత్తిలో 75 దగ్గరే ఆగుతుంది. ఒకే దరఖాస్తులో రెండు పద్ధతులు కలిస్తే అనుమానం మొదలవుతుంది.

ఇక టార్గెట్. ఎక్కువగా కనబడే కటాఫ్ 2.5. ఫార్ములాని వెనక్కి తిప్పితే అది సరిగ్గా 3.0 జీపీఏ, అంటే నిష్పత్తిలో 75 శాతం. 120 క్రెడిట్ల డిగ్రీలో 90 క్రెడిట్లు 2.9తో పూర్తయ్యాయనుకుందాం. మొత్తం 3.0 కావాలంటే 360 పాయింట్లుండాలి, ఇప్పటికి 261 వచ్చాయి. మిగిలిన 99 పాయింట్లు 30 క్రెడిట్లలో తెచ్చుకోవాలి, అంటే చివరి ఏడాది సగటు 3.3. ఇది కష్టపడితే అందేదే. అదే 90 క్రెడిట్లకి 2.7 ఉంటే చివరి ఏడాది 3.9 కావాలి, అంటే దాదాపు అన్నీ ఏ గ్రేడులే. ఆ పరిస్థితిలో కటాఫ్ లేని కోర్సులు కూడా జాబితాలో పెట్టుకోవడం మంచిది.

చాలా జర్మన్ విశ్వవిద్యాలయాల తరఫున ఈ మార్పిడి చేసేది యూని అసిస్ట్ అనే సంస్థ. కొన్ని విశ్వవిద్యాలయాలు అక్కడి నుంచి వీపీడీ అనే ముందస్తు పరిశీలన పత్రం తెమ్మంటాయి, మీ జర్మన్ గ్రేడు అందులోనే ఉంటుంది. వాళ్ల పోర్టల్‌లో ఖాతా తెరిచి, విశ్వవిద్యాలయాన్ని, కోర్సుని ఎంచుకుని, పత్రాలు అప్‌లోడ్ చేసి ఫీజు కట్టాలి. మొదటి దరఖాస్తుకి 75 యూరోలు, అదే సెమిస్టరులో తర్వాతి ప్రతిదానికీ 30. పరిశీలనకి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి గడువు దాకా ఆగొద్దు. ట్రాన్‌స్క్రిప్ట్ స్కాన్ చేసేటప్పుడు వెనక పేజీ మరిచిపోవద్దు, గ్రేడుల స్కేలు ఉండేది అక్కడే. అందులో పాస్ హద్దు స్పష్టంగా లేకపోతే, డిగ్రీకి కనీసం 2.0 జీపీఏ కావాలని మీ కాలేజీ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఒక లెటర్ తీసుకుని జతచేయండి.

అమెరికాలో చేసిన మాస్టర్స్ మార్కులతో దరఖాస్తు చేసేవాళ్లకి ఈ లెటర్ ఇంకా ముఖ్యం. అక్కడ చాలా విభాగాలు పట్టా ఇవ్వడానికి 3.0 అడుగుతాయి. పాస్ 2.0గా తీసుకుంటే 3.4 జీపీఏకి 1.9 వస్తుంది, 3.0గా తీసుకుంటే 2.8కి పడిపోతుంది. ఏ హద్దు వర్తిస్తుందో డబ్బు కట్టకముందే ఆ విశ్వవిద్యాలయ అడ్మిషన్ ఆఫీసుకి ఈమెయిల్ రాసి అడగండి, వచ్చిన జవాబుని దాచుకోండి.