రిటైరయ్యాక నెలకు ఎంత తీయొచ్చు?

అనంతపురంలో ప్రైవేటు ఉద్యోగం చేసి 62 ఏళ్లకు దిగిపోయిన ఒకాయన్ను ఊహించుకోండి. చేతిలో 40 లక్షలు, సొంతిల్లు ఉన్నాయి, పెన్షన్ లేదు. 30 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో 8.2 శాతానికి, మిగతా 10 లక్షలు బ్యాంకులో 7 శాతానికి వేస్తే నెలకు సుమారు 26 వేలు వస్తుంది. ఇంటి ఖర్చు 25 వేలు. అసలు కదలదు, వడ్డీతోనే గడిచిపోతుంది కదా అనిపిస్తుంది.

దెబ్బ తగిలేది ఇక్కడే. ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్లకు అదే ఖర్చు 50 వేలవుతుంది, వడ్డీ మాత్రం 26 వేల దగ్గరే ఉంటుంది. స్కీము గడువు ఐదేళ్లే, ఆ తర్వాత ఇదే రేటు దొరుకుతుందన్న హామీ కూడా లేదు.

అందుకే వడ్డీని ఆదాయంగా చూడకండి. వడ్డీ ధరల పెరుగుదలకే సరిపోతుందనుకుని, ఉన్న డబ్బును ఏడాదికి తీసేదానితో భాగించండి. ఏటా 3 లక్షలు తీస్తే 40 లక్షలు పదమూడేళ్లకు అయిపోతాయి, అంటే 75 ఏళ్లకే చేతులు ఖాళీ. 90 దాకా రావాలంటే 28తో భాగించాలి: ఏడాదికి లక్షా నలభై మూడు వేలు, నెలకు 12 వేలు. అంటే ఏడాదికి 40 లక్షల్లో మూడున్నర శాతం. మొదటి ఏడాది 4 శాతం తీసి, ఆపై ధరలతోపాటు పెంచుకుంటూ పోవచ్చని అందరూ చెప్పే 4 శాతం సూత్రం 1994లో ఆర్థిక సలహాదారు విలియం బెంగెన్ అమెరికా షేర్లు, బాండ్ల లెక్కలతో, ముప్పై ఏళ్ల కాలానికి తేల్చింది. మన ధరలకు దాన్ని పైహద్దుగా చూడటమే నయం.

ఇంకో మాట, ఏళ్లు లెక్కపెట్టాల్సింది ఆయన వయసు నుంచి కాదు. భార్యకు 57 అయితే, ఆమె 90 దాకా 33 ఏళ్లు. అప్పుడు నెలకు 10 వేలే.

పది వేలతో ఇల్లెలా గడుస్తుందని అడుగుతారు. గడవదు. తక్కిన 15 వేలు మేడపై పోర్షను అద్దె నుంచో, పార్ట్‌టైం లెక్కల పని నుంచో, పిల్లల నుంచో రావాలి, లేదా ఖర్చు తగ్గాలి. ఇంకా ఉద్యోగంలో ఉన్నవాళ్లయితే రెండేళ్లు ఆగి దిగడమే మేలు. ఈ లోటు పూడ్చుకోవడానికే చాలామంది నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చి అసలే పోగొట్టుకుంటారు. ఆ దారి వద్దు.

ఆసుపత్రి డబ్బు ఈ 40 లక్షల్లో కలపొద్దు. బెంగళూరుకు ఒక్క ఆపరేషన్‌కు పోయొచ్చినా నాలుగైదేళ్ల ఖర్చు ఒక్కసారే కరిగిపోవచ్చు. ఇన్సూరెన్సు, దానితోపాటు విడిగా కొంత ఉండాలి.

ఏటా ఉగాదికి మిగిలిన డబ్బును ఏడాదికి తీసేదానితో మళ్లీ భాగించి చూడండి. వచ్చిన అంకెను భార్యాభర్తల్లో చిన్నవాళ్ల వయసుకు కలిపితే 85 దాటకపోతే, ఆ ఏడాది తీసేది పెంచకండి. కిరాణాకు, కరెంటు బిల్లుకు కూడా ఎఫ్‌డీ విరగ్గొట్టాల్సి వస్తుంటే ఉగాది దాకా కూడా ఆగొద్దు, ఆ నెలే కూర్చుని లెక్క చూసుకోండి.