హెల్మ్‌హోల్ట్జా, గిబ్సా? బీకరు చూసి తేల్చుకోండి

విజయవాడలో బీఎస్సీ పిల్లలకు ట్యూషన్ చెబుతుంటే ప్రతి బ్యాచ్‌లోనూ ఒకే తికమక కనిపిస్తుంది: స్వేచ్ఛా శక్తి లెక్కలో హెల్మ్‌హోల్ట్జ్ శక్తి A వాడాలా, గిబ్స్ శక్తి G వాడాలా అని. ఏది వాడాలో తేల్చుకునే ముందు, ‘నేను లెక్కిస్తున్నది మొత్తం పనినా, వాతావరణాన్ని నెట్టగా మిగిలిన పనినా?’ అని అడగండి.

మూత లేని బీకరులో 25 డిగ్రీల దగ్గర, ప్రామాణిక స్థితిలో జింకు ఆమ్లంతో చర్య జరిపి ఒక మోల్ హైడ్రోజన్ ఇస్తుందనుకోండి. ΔG = −147 కిలోజౌళ్లు. అదే చర్యను సెల్‌గా అమర్చి, అతి నెమ్మదిగా నడిపితే గరిష్ఠంగా దొరికే విద్యుత్ పని ఇంతే. కానీ పుట్టిన వాయువు బయటి గాలిని వెనక్కి నెట్టాలి. ఆ పని RT, అంటే దాదాపు 2.5 కిలోజౌళ్లు. అది కూడా కలిపితే ΔA = −149.5. స్థిర ఉష్ణోగ్రత దగ్గర రాగల మొత్తం పని అదే.

గట్టి గోడల మూసిన పాత్రలో ఘనపరిమాణం మారదు, గాలిని నెట్టడం ఉండదు. అక్కడ A వాడండి. అయితే ఈ 149.5ను అక్కడికి మోసుకెళ్లకండి. లోపల హైడ్రోజన్ పీడనం పెరుగుతూ పోతుంది కాబట్టి చివరి స్థితే వేరు, ΔA మళ్లీ లెక్కించాలి. వాయు మోల్‌ల సంఖ్య మారని చర్యల్లో మాత్రం ΔG, ΔA రెండూ దాదాపు సమానం.