మూట్ మెమోరియల్ రివ్యూ చేసే ముందు తీర్పు తెరవండి

పోయిన వారం తిరుపతిలో ఒక మూట్ పోటీ సెమీఫైనల్ చూశాక ఇది రాయక తప్పలేదు. పిటిషనర్ తరఫున నిలబడిన అమ్మాయి తడబడకుండా వాదిస్తోంది. బెంచ్‌లో కూర్చున్న సీనియర్ న్యాయవాది టీమ్ రాసిచ్చిన మెమోరియల్ పేజీ తిప్పి, "ఖరక్ సింగ్ కేసులో గోప్యత వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు చెప్పిందని రాశారు. ఆ మాట రాసిన జడ్జి ఎవరమ్మా?" అని అడిగారు. ఆమె ఫుట్‌నోట్ చదివింది. "సైటేషన్ కాదమ్మా, జడ్జి పేరు" అన్నారాయన. ఇక మిగిలిన టైమంతా ఆ పేజీ మీదే పోయింది.

ఆ మెమోరియల్‌ను ముగ్గురు క్లాస్‌మేట్లు రివ్యూ చేశారు. తర్వాత వాళ్ల కామెంట్లు చూశాను. కామాలు సరిచేశారు, కేసు పేర్లు ఇటాలిక్స్‌లో పెట్టమన్నారు, "అథారిటీస్ బాగున్నాయి, ఇంకో రెండు చేర్చు" అన్నారు. ఒక్కరు కూడా ఆ తీర్పు తెరవలేదు. మంచి టీమ్‌లను ముంచేది ఎప్పుడూ ఈ తప్పే. స్పెల్లింగ్, మార్జిన్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

అథారిటీల దగ్గర

ఆ కేసునే తీసుకుందాం. మూట్ ప్రాబ్లమ్ ఇది: ఒక ఊహా రాష్ట్రంలో హిస్టరీ షీట్ ఉన్నవాళ్ల ఇళ్ల ఎదుట పోలీసులు కెమెరాలు పెట్టారు. దానికి చట్టమేదీ లేదు, డిపార్ట్‌మెంట్ ఉత్తర్వు ఒక్కటే ఉంది. పోలీసు నిఘా మీద వచ్చిన ఖరక్ సింగ్ తీర్పు ఏఐఆర్ 1963 ఎస్‌సీ 1295లో ఉంటుంది. ఆరుగురు జడ్జీల బెంచ్. గోప్యత వ్యక్తిగత స్వేచ్ఛకు అవసరమైన అంశమని అందులో రాసింది జస్టిస్ కోకా సుబ్బారావు, జస్టిస్ షా తరఫున కూడా. వాళ్లిద్దరిదీ మైనారిటీ. మిగిలిన నలుగురూ గోప్యత మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నారు. అంటే మెమోరియల్ తన ప్రధాన వాదనకు ఆధారంగా చూపించిన మాటను అదే తీర్పులో కోర్టు కాదంది.

తీర్పు తెరిచి ఉంటే ఇంకో సంగతి కూడా కనిపించేది. పోలీసులు రాత్రిపూట ఇంటికొచ్చి తనిఖీ చేయడాన్ని మెజారిటీ కూడా కొట్టేసింది, దానికి వీలిచ్చిన పోలీసు రెగ్యులేషన్ వెనక చట్టం లేదన్న కారణంతో. మన ప్రాబ్లమ్‌లోనూ చట్టం లేదు. పిటిషనర్‌కు కావలసిన మాట మెజారిటీలోనే ఉంది, దాన్ని వదిలేసి మైనారిటీ మాటను కోర్టు మాటగా రాసుకున్నారు.

అదే మెజారిటీ ఇంటి బయట రహస్యంగా కాపలా కాయడాన్ని మాత్రం నిలబెట్టింది. ఎదుటి టీమ్ "కెమెరా కూడా బయటి కాపలా లాంటిదే కదా" అంటుంది. దానికి జవాబు 2017 నాటి పుట్టస్వామి తీర్పులో వెతకాలి. గోప్యత హక్కు కాదన్నంత మేరకు ఖరక్ సింగ్‌ను ఆ తీర్పు తోసిపుచ్చింది. అక్కడ కూడా జాగ్రత్త. తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా ఒప్పుకున్నది చివర్లో ఉన్న ఉత్తర్వును. చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి తగినంత మేరకే జోక్యం ఉండాలి అనే మూడంచెల పరీక్ష జస్టిస్ చంద్రచూడ్ అభిప్రాయంలోది. అది నలుగురి తరఫున రాసినది. "తొమ్మిది మంది ఏకగ్రీవంగా ఈ పరీక్ష పెట్టారు" అనే వాక్యం మెమోరియల్‌లో కనిపిస్తే గుర్తు పెట్టండి.

అందుకే రివ్యూకి కూర్చోగానే ప్రతి అథారిటీనీ తెరవాలి. ఈ-ఎస్‌సీఆర్‌లో సుప్రీంకోర్టు తీర్పులు ఉచితంగా దొరుకుతాయి. అన్నీ చదివే టైమ్ లేకపోతే ఏ కేసు పోతే వాదన కూలుతుందో ఆ మూడు నాలుగు తెరవండి. మెమోరియల్ చూపిన పేరా ఉందా? ఆ పేరాలో మాట్లాడుతున్నది కోర్టా, లేక "లాయర్ ఇలా వాదించారు" అంటూ కోర్టు రాసుకున్నదా? హెడ్‌నోట్‌లోంచి ఎత్తారా? హెడ్‌నోట్ తీర్పులో భాగం కాదు, రిపోర్టర్ రాసిన సారాంశం. ఆ తీర్పు తర్వాత ఏమైంది? ఈ నాలుగూ చూడకుండా "బాగున్నాయి" అని రాయొద్దు.

ఇష్యూల దగ్గర

"ఉత్తర్వు ఆర్టికల్ 21ని ఉల్లంఘిస్తుందా?" అని ఇష్యూ రాస్తే అందులో మన ప్రాబ్లమ్ ఏదీ లేదు. "చట్టం ఆధారం లేని డిపార్ట్‌మెంట్ ఉత్తర్వుతో ఒక పౌరుడి ఇంటి గుమ్మాన్ని నిరంతరం రికార్డ్ చేయడం, ఆర్టికల్ 21 చెప్పే 'చట్టం నిర్దేశించిన విధానం' అవుతుందా?" అని రాస్తే గెలిచే దారి ప్రశ్నలోనే కనబడుతుంది. ఇష్యూ చదివాక ఫ్యాక్ట్స్ పేజీకి వెళ్లి, అందులోని ప్రతి ముక్కా ప్రాబ్లమ్‌లో నిజంగా ఉందో లేదో చూడండి. కెమెరా రాత్రీపగలూ నడుస్తుందని ప్రాబ్లమ్ చెప్పకపోతే 'నిరంతరం' తీసేయమనండి.

ఒప్పించే బలం

ఇక్కడ నేను చూసేది ఒకటే: ఎదుటివాళ్ల బలమైన కేసు మెమోరియల్‌లో ఉందా లేదా. మన ఉదాహరణలో అది 1975 నాటి గోవింద్ కేసు. మధ్యప్రదేశ్ పోలీసు నిఘా నిబంధనలను సుప్రీంకోర్టు అందులో కొట్టేయలేదు. దాని పేరే ఎత్తకపోతే బెంచ్ ఎత్తుతుంది. తీర్పు తెరిస్తే తేడా దొరుకుతుంది: అక్కడి నిబంధనలకు పోలీసు చట్టం కింద చట్టబద్ధత ఉందని కోర్టు తేల్చింది, మన ప్రాబ్లమ్‌లో ఉన్నది ఉత్త ఉత్తర్వు. ఈ రెండు వాక్యాలు మెమోరియల్‌లో ఉంటే ఆ ప్రశ్నకు టీమ్ సిద్ధంగా ఉన్నట్టు.

కామెంట్ ఇలా ఉండాలి: "పేజీ 9, రెండో పేరా. ఖరక్ సింగ్‌లో ఇది జస్టిస్ సుబ్బారావు మైనారిటీ అభిప్రాయం. కోర్టు మాటగా చెప్పొద్దు. మైనారిటీ అని స్పష్టంగా రాసి పుట్టస్వామితో కలిపి చెప్పు, లేదా చట్టం లేదన్న మెజారిటీ పాయింట్‌కు మారు." ఎక్కడ, ఏం తప్పు, ఏం చేయాలి అన్నీ వచ్చాయి. "ఈ భాగం వీక్‌గా ఉంది మామా" అని వాట్సాప్‌లో పెడితే వాడికి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఇక మిగిలినవి:

- ముందు పోటీ రూల్స్ చదవండి. టీమ్ బయటివాళ్ల సాయం కూడదని ఉంటే ఫైల్ ముట్టుకోవద్దు.
- ఎదుటి పక్షం మెమోరియల్ కూడా మీ దగ్గర ఉంటే రివ్యూకి ఒప్పుకోవద్దు.
- వాక్యాలు మీరు తిరగరాయొద్దు. రేపు బెంచ్ ముందు నిలబడి జవాబు చెప్పాల్సింది మీరు కాదు.
- మొదటి చదువులో కామాల జోలికి వెళ్లొద్దు. వెళితే తీర్పు తెరిచే ఓపిక మిగలదు.
- ఫ్రెండ్ అని మెత్తగా రాయొద్దు. పడదని కసిగా రాయొద్దు.
- వేరే మెమోరియల్ నుంచి ఎత్తిన ఫుట్‌నోట్ ఒక్కటి దొరికితే, మిగతావన్నీ తెరవండి.
- ఒకే వాక్యానికి ఐదు కేసులు పేరిస్తే ఆ ఐదూ తెరవండి. వాక్యం చెప్పే మాట లేనివి కొట్టేయించండి.
- ఓవర్‌రూల్ అయిందేమోనని అనుమానం ఉంటే "చెక్ చేసుకో" అని వదిలేయొద్దు. మీరే చెక్ చేయండి.
- సబ్మిషన్ రాత్రి పన్నెండింటికి రివ్యూ ఇవ్వొద్దు. తప్పు దొరికినా మార్చే టైమ్ ఉండదు.
- మీరు తెరవని తీర్పుల జాబితా రివ్యూ పైనే రాసివ్వండి. వాటిని ఇంకెవరో ఒకరు తెరవాలి.