వాపసు లేదన్న క్రీముకి డబ్బులు వెనక్కి వచ్చాయి

అమలాపురంలో మా వదిన ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఫేస్ క్రీము డబ్బా మీద గడువు తేదీ అప్పటికే దాటిపోయింది. యాప్‌లో చూస్తే ‘నాన్ రిటర్నబుల్’ అని ఉంది, రిటర్న్ బటనే లేదు. కస్టమర్ కేర్ వాళ్ళదీ అదే మాట.

సీలు తీయొద్దన్నాను. పార్శిల్ మీది చీటీ, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, తీయని సీలు కనపడేలా ఫోటోలు తీశాం. ‘నచ్చలేదు’ అని కాకుండా ‘గడువు తీరిన సరుకు పంపారు’ అని ఆ సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకి మెయిల్ పెట్టాం. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న సరుకునీ, చెప్పినదానికి భిన్నంగా వచ్చినదాన్నీ అమ్మినవాళ్ళు వెనక్కి తీసుకోనని అనకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఇదంతా మెయిల్లో రాశాం. డబ్బులు వచ్చేశాయి; రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేద్దామనుకున్నాం.

లోదుస్తులకీ ఇదే వర్తిస్తుంది. ఆర్డరు చేసింది ఒక సైజు, వచ్చింది ఇంకోటి అయితే గట్టిగా అడగొచ్చు. లేబుల్ తెంపకుండా, తొడగకుండా ఉంచాలి. అడిగిన సైజే వచ్చి ఒంటికి సరిపోకపోతే మాత్రం ఈ నిబంధన పనిచెయ్యదు. లిప్‌స్టిక్ రంగు నప్పకపోయినా అంతే.