పుట్టినరోజు వాయిస్ సందేశం చదివినట్టు వినిపించకుండా ఉండాలంటే

సందేశాన్ని పూర్తి వాక్యాలలో రాసుకుంటే గొంతు తప్పనిసరిగా పాఠం అప్పజెప్పే ధోరణిలోకి వెళుతుంది. కనుక కాగితం మీద మూడు మాటలు మాత్రమే రాసుకోవడం మేలు. మా మేనత్త అరవయ్యో పుట్టినరోజుకు నేను రాసుకున్నవి "గోంగూర, రైల్వే స్టేషన్, మోకాలు" అన్నవే. మొదటిది ఆమె నాకు కట్టి ఇచ్చిన పచ్చడి సీసా, రెండవది ఆ సీసా ప్లాట్‌ఫారం మీద పగిలినప్పుడు మేమిద్దరం నవ్విన నవ్వు, మూడవది ఇప్పుడు ఆమె నొప్పి ఎలా ఉందన్న ప్రశ్న.

"జన్మదిన శుభాకాంక్షలు" అని మొదలుపెట్టకుండా, ఫోనులో రోజూ పిలిచినట్టే "అత్తా, తిన్నావా?" అని ఆరంభిస్తే తరువాతి మాటలు వాటంతట అవే ఆ స్వరాన్ని అందుకుంటాయి. వాట్సాప్‌లో మైకు గుర్తును పైకి జరిపి లాక్ చేస్తే చేయి ఖాళీ అవుతుంది, కాబట్టి నడుస్తూ మాట్లాడవచ్చు. మొదటిసారి రికార్డు చేసినదాన్ని సాధన కింద వదిలేసి రెండవదాన్ని పంపండి. నాలుగవసారికి మాటలు కంఠతా వచ్చేసి, నవ్వు కూడా ఒకే చోట పడుతుంది. చిన్న తడబాటును ఉంచేయవచ్చు. వీడియో అయితే ఆ చీటీని కెమెరా కన్ను పక్కనే అంటించాలి, లేకుంటే చూపు కిందికి జారి చదువుతున్నట్టు తెలిసిపోతుంది.